ల్యాబ్ పెన్ను ల్యాబ్‌లోనే

మొదటి సంవత్సరం మైక్రోబయాలజీ విద్యార్థులకు,

సోమవారం మీ మొదటి ప్రాక్టికల్‌కు వచ్చేటప్పుడు ఒక కొత్త పెన్ను తెచ్చుకోండి. ఆ పెన్ను మళ్లీ మీ ఇంటికి వెళ్లదు. సెమిస్టర్ పూర్తయ్యేదాకా ల్యాబ్‌లోని డబ్బాలోనే ఉంటుంది. ఈ ఒక్క నియమానికి కారణం తెలిస్తే తక్కినవాటిలో చాలా భాగం మీకే తోస్తాయి. అందుకే దాన్ని వివరంగా చెబుతాను. ఈ ఉత్తరం ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చూపించండి. ఇందులో వాళ్లకు సంబంధించిన సంగతి ఉంది.

2010 ఆగస్టు నుంచి 2011 జూన్ దాకా అమెరికాలో 38 రాష్ట్రాల్లో 109 మందికి ఒకే రకం సాల్మొనెల్లా టైఫీమ్యూరియం బ్యాక్టీరియా సోకింది. జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. ఒకరు చనిపోయారు కూడా. సాల్మొనెల్లా అనగానే ఎవరైనా ముందు కోడిగుడ్లనో, సరిగ్గా ఉడకని మాంసాన్నో అనుమానిస్తారు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మాత్రం రోగులను విచారిస్తూ పోతే వేరే దారి కనిపించింది. వాళ్లలో చాలామంది మైక్రోబయాలజీ ల్యాబుల్లో చదువుకునేవాళ్లు, పనిచేసేవాళ్లు. జబ్బు చేసిన బ్యాక్టీరియా డీఎన్ఏ నమూనాను పోల్చి చూస్తే, ల్యాబుల్లో వాడటానికి కంపెనీలు అమ్మే ఒక సాల్మొనెల్లా రకంతో సరిపోయింది. అంటే ప్రాక్టికల్ కోసం కొన్న కల్చరే మనుషుల కడుపుల్లోకి చేరింది.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం వేరే ఉంది. జబ్బుపడినవాళ్లలో పసిపిల్లలు ఉన్నారు. వాళ్లెవరూ ల్యాబ్ మొహం చూడలేదు. వాళ్ల ఇంట్లో ఎవరో ఒకరు ల్యాబ్‌లో చదువుతున్నారు లేదా పనిచేస్తున్నారు, అంతే. ఇంత జరిగాక కూడా 2014లో మళ్లీ 13 రాష్ట్రాల్లో 41 మందికి, 2017లో 16 రాష్ట్రాల్లో 24 మందికి ఇలాగే సోకింది. 2014లో జబ్బుపడిన విద్యార్థులను అడిగితే బయటపడినవి చాలా చిన్న సంగతులు: కోటు, గ్లవ్స్ వేసుకోకపోవడం, చేతులు కడుక్కోకపోవడం, ల్యాబ్‌లో రాసిన పెన్నులు, నోటు పుస్తకాలే బయటా వాడటం.

ఆ పిల్లల దాకా దారి ఎలా ఏర్పడి ఉంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. రాత్రంతా ఇన్‌క్యుబేటర్‌లో పెరిగిన బ్రాత్ ఒక మిల్లీలీటరులో దాదాపు వంద కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. పిపెట్ చివర నుంచి జారే చుక్క మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు అనుకుంటే అందులో ఐదు కోట్లు. ఆ చుక్కలో నూరో వంతు, కంటికి తడి కూడా కనిపించనంత తుంపర, మీ వేలికి అంటితే ఐదు లక్షలు. ఆ వేలితోనే పెన్ను పట్టుకుని రికార్డు రాస్తారు. ఆలోచిస్తూ పెన్ను చివర పళ్ల మధ్య పెట్టుకుంటారు. తర్వాత అది బ్యాగులోకి, బ్యాగు ఇంట్లో మంచం మీదికి, అక్కడ ఆడుకునే పాప చేతిలోకి వెళుతుంది. ఆరిన వస్తువు మీద చాలా బ్యాక్టీరియా చచ్చిపోతాయి, నిజమే. కానీ అన్నీ చావవు. చిన్నపిల్లలకు, వృద్ధులకు జబ్బు తీవ్రంగా రావడానికి పెద్దవాళ్లకు కావలసినంత మోతాదు అవసరం ఉండకపోవచ్చు.

ల్యాబ్ ప్రమాదమంటే గాజు పగలడం, మంట అంటుకోవడం అని అందరి ఊహ. రాబర్ట్ పైక్ అనే శాస్త్రవేత్త 1976లో ల్యాబుల్లో సోకిన 3,921 జబ్బుల వివరాలను పరిశీలించి ప్రచురించారు. వాటిలో ఫలానా ప్రమాదం వల్ల వచ్చిందని చెప్పగలిగినవి ఐదో వంతు కూడా లేవు. తక్కినవి ఏ సంఘటనా లేకుండా, ఎవరూ గమనించకుండా వచ్చినవే. కాబట్టి సోమవారం మీకేమీ జరగలేదనిపించినా బయటికి వెళ్లేముందు చేతులు కడుక్కోవలసిందే.

మనం చేత్తో తినేవాళ్లం కాబట్టి ఈ మాట మీద మరికాస్త నిలబడాలి. మీ ప్రాక్టికల్ ముగిసేది సరిగ్గా భోజనం వేళకు. వేళ్లతో అన్నం కలిపి నోట్లో పెట్టుకునే మనకు గోళ్ల కింద మురికి నేరుగా కడుపులోకి పోతుంది. గోళ్లు కత్తిరించుకుని రండి. ఉంగరాలు, గాజులు, చేతి తాళ్లు ఇంట్లోనే తీసిపెట్టండి. వాటి కింద సబ్బు చేరదు. సబ్బుతో కనీసం ఇరవై సెకన్లు, బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల కింద రుద్ది, పారే నీళ్లలో కడగాలి. శానిటైజర్ రాసుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. మీరు వాడబోయే బాసిల్లస్ సబ్‌టిలిస్ స్పోర్లు కడుతుంది. ఆల్కహాల్‌కు స్పోర్లు చావవు, సబ్బునీళ్లకు చేతి నుంచి కొట్టుకుపోతాయి. పైగా శానిటైజర్ ఆరకముందే బర్నర్ దగ్గరికి వెళితే చేయి అంటుకుంటుంది. ఆల్కహాల్ మంట పగటి వెలుగులో కంటికి సరిగ్గా ఆనదు.

గ్లవ్స్ మీ చేతిని కాపాడతాయి తప్ప మీరు ముట్టుకునే వస్తువును కాపాడవు. గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఫోన్ తీస్తే కల్చర్ ఫోన్‌కు అంటుతుంది. తర్వాత గ్లవ్స్ తీసేసి, చేతులు శుభ్రంగా కడుక్కుని, అదే ఫోన్‌ను చెంపకు ఆనించుకుంటారు. అందుకని ఫోన్లు బయట అరలో పెట్టి రావాలి. కాలనీల ఫొటో కావాలంటే ల్యాబ్ కెమెరాతో నేను తీసి ఇస్తాను. కోటు కూడా ల్యాబ్‌లోనే కొక్కేనికి ఉంటుంది. దాన్ని వేసుకుని క్యాంటీన్‌కు వెళ్లకూడదు. ఉతకడానికి తీసుకెళ్లాల్సినప్పుడు విడిగా సంచిలో పెట్టి, ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా వేడినీళ్లలో ఉతకాలి. జుట్టు వెనక్కి ముడివేసుకోండి, చున్నీ కోటు లోపలికి దోపుకోండి. కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు ఉండాలి, చెప్పులతో వస్తే లోపలికి రానివ్వను.

ఇక మీ చేతికి మొదట వచ్చే పనిముట్టు లూప్. నైక్రోమ్ తీగ చివర చిన్న చుట్ట. కల్చర్ తీసుకునే ముందూ తర్వాతా దాన్ని మంటలో ఎర్రగా కాల్చాలి. ముందు కాల్చేటప్పుడు తీగ మీద ఏమీ ఉండదు కనుక ఇబ్బంది లేదు. తర్వాత కాల్చేటప్పుడే చుట్టలో తడి కల్చర్ ఉంటుంది. దాన్ని ఒక్కసారి మంట మధ్యలోకి దూర్చితే నూనెలో నీటిచుక్క పడ్డట్టు చిటపటలాడి, చావని బ్యాక్టీరియా తుంపరలుగా మీ మొహం మీదికి లేస్తుంది. అందుకే పిడి వైపు తీగను ముందు వేడి చేసి, మెల్లగా చుట్ట వైపు జరపాలి. తడి ఆరాక ఎర్రబడనివ్వాలి. కాల్చిన లూప్‌ను చల్లారకుండా కల్చర్‌లో ముంచినా అదే జరుగుతుంది. చుయ్‌మని చప్పుడు వినిపించిందంటే తుంపర లేచిందని గుర్తు. మీరు తీసుకోవలసిన కణాలూ అక్కడే చచ్చిపోయాయి. రేపు ప్లేటు మీద ఏదీ పెరగకపోతే కారణం తరచుగా ఇదే. పది సెకన్లు ఆగండి, లేదా అగార్ అంచున ఖాళీ చోట తాకించి చల్లార్చండి. గాలిలో ఊపి మాత్రం కాదు. పిపెట్‌లోకి నోటితో పీల్చడం ఈ ల్యాబ్‌లో నిషిద్ధం. 1893లోనే ఒక వైద్యుడు అలా పీలుస్తూ టైఫాయిడ్ బ్యాక్టీరియాను నోట్లోకి తెచ్చుకున్నట్టు నమోదైంది. రబ్బరు బల్బు ప్రతి బల్ల మీదా ఉంటుంది.

ఎంత జాగ్రత్తపడ్డా ఎవరి చేతిలోంచో ఒక ట్యూబు జారుతుంది. ఐదు మిల్లీలీటర్ల ఈ. కొలై బ్రాత్ నేల మీద పడి, గాజు పగిలిందనుకోండి. మీ మొదటి ఆలోచన గబగబా తుడిచేసి ఎవరికీ తెలియకుండా చూడటం. దయచేసి ఆ పని చేయకండి. గట్టిగా "ఒలికింది" అని చెప్పి, పక్కవాళ్లను జరగమనండి. మీ కాళ్ల మీద, కోటు మీద పడిందేమో చూసుకోండి. లేచిన తుంపర నేలకు దిగడానికి కొంత సమయం ఇవ్వాలి. తర్వాత కొత్త గ్లవ్స్ వేసుకుని, ఒలికిన చోటంతా టిష్యూ కాగితాలు పరచాలి. వాటి మీద ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణం అంచుల నుంచి మధ్యకు మెల్లగా పోయాలి. మధ్యలో పోస్తే మురికి బయటికి పరుచుకుంటుంది, ఎత్తు నుంచి పోస్తే మళ్లీ చిందుతుంది. సీసాలో ఉన్నది ఐదు శాతం అయితే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలపాలి. కలిపి ఉంచితే బలం తగ్గిపోతుంది కాబట్టి ల్యాబ్ అటెండర్ ఏ రోజుకారోజు కొత్తగా కలుపుతారు. పోశాక ఇరవై నిమిషాలు అలా వదిలేయాలి. ఈ సమయాన్నే అందరూ తగ్గించాలని చూస్తారు. బ్రాత్‌లోని పోషకాలు క్లోరిన్‌ను కొంత మింగేస్తాయి, మిగిలింది కణాలను చంపడానికి వ్యవధి కావాలి. ఆ తర్వాత గాజు ముక్కలను పట్టకారుతో తీసి, గుచ్చుకోని గట్టి డబ్బాలో వేయాలి. కాగితాలు పసుపు సంచిలోకి వెళతాయి. ట్యూబు జారవిడిచినందుకు నేను మార్కులు తగ్గించను. దాచినందుకు తగ్గిస్తాను.

మీకు అందరికంటే ఇష్టమయ్యే ప్రయోగం వేలిముద్ర ప్లేటు. అగార్ మీద వేలు ఆనించి, మర్నాడు ఏం పెరిగిందో చూడటం. ఇచ్చే కల్చర్ల కంటే ఈ ప్లేటు దగ్గరే నేను ఎక్కువ భయపడతాను. మేమిచ్చే కె-12 రకం ఈ. కొలై ఏమిటో మాకు తెలుసు, ఆరోగ్యవంతులకు అది జబ్బు చేయదు. మీ వేలి మీద ఏముందో ఎవరికీ తెలియదు. చర్మం మీద నలుసంత ఉన్నది రాత్రికి రాత్రి కోట్లకు చేరుతుంది. అందుకే ఆ ప్లేట్లను 37 డిగ్రీల దగ్గర కాకుండా 25 నుంచి 30 డిగ్రీల మధ్య పెంచుతాం. మన శరీరపు వేడికి అలవాటుపడిన రోగకారకాలకు అది అంత అనుకూలం కాదు. మూతకు రెండు మూడు చోట్ల టేపు వేస్తాం, చుట్టూ మూసేయం. గాలి ఆడకపోతే ఆక్సిజన్ అక్కరలేని రకాలకు అవకాశం దొరుకుతుంది. చూడటం మూత మీదనుంచే. తెరవకూడదు, వాసన చూడకూడదు. చూశాక ప్లేట్లన్నీ 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లోకి వెళతాయి, ఆ తర్వాతే చెత్తలోకి.

చివరిగా ఒక సంగతి మీతో విడిగా మాట్లాడాలి. మీలో ఎవరైనా గర్భవతిగా ఉన్నా, స్టెరాయిడ్లో, వ్యాధినిరోధక శక్తిని తగ్గించే ఇతర మందులో వాడుతున్నా, చేతి మీద మానని పుండు ఉన్నా సోమవారానికి ముందే నా గదికి వచ్చి చెప్పండి. ఆ మాట నా దగ్గరే ఉంటుంది, మీ పనిని దానికి తగ్గట్టు మారుస్తాను. సెమిస్టర్ మధ్యలో మీకుగానీ ఇంట్లోవాళ్లకుగానీ జ్వరం, విరేచనాలు వస్తే, డాక్టరుకు "మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాం" అని చెప్పి, ఆ వారం వాడిన బ్యాక్టీరియా పేర్లు చూపించండి. ఆ జాబితా ల్యాబ్ తలుపు పక్కన అంటించి ఉంటుంది. మొదటి రోజే దాన్ని ఒక కాగితం మీద రాసుకుని ఇంటికి తీసుకెళ్లండి. రాయడానికి మాత్రం బయటి పెన్ను వాడండి.

మీ లెక్చరర్