ఒకే టీచర్, రెండు ప్రొఫైళ్లు

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచినా యోగా టీచర్ల పరిచయాలు కనిపిస్తాయి. చాలావరకు అన్నీ ఒకలాగే ఉంటాయి. పదేళ్ల అనుభవం, 200 గంటల సర్టిఫికెట్, శరీరానికీ మనసుకూ సమతుల్యత, బీపీ, షుగర్, థైరాయిడ్, నడుంనొప్పి అన్నింటికీ పరిష్కారం. పక్కన శీర్షాసనం వేసిన ఫోటో. చూసినవాళ్లు బాగుందంటారు, ఫోన్ మాత్రం చేయరు. టీచర్‌కు పని రాక కాదు. తన పరిచయం చదివేవాళ్లు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో అందులో లేకపోవడం వల్ల.

మియాపూర్‌లో ఉండే ఒక టీచర్‌ను ఊహించుకుందాం. ఆమెకు ఇళ్లకు వెళ్లి నేర్పే తరగతులూ కావాలి, ఐటీ కంపెనీల కాంట్రాక్టులూ కావాలి. ఆమె పరిచయం చదివేవాళ్లు ఇద్దరు. ఒకరు మోకాళ్లనొప్పితో ఉన్న 52 ఏళ్ల గృహిణి. "నా మోకాలితో ఈవిడ ఏం చేయిస్తుంది?" అన్నది ఆమె భయం. రెండోవారు కంపెనీలో హెచ్‌ఆర్ అధికారి. ఆసనాల గురించి ఆయనకు పెద్దగా బెంగ లేదు. ఎవరికైనా నడుం పట్టేస్తే, ఎవరూ రాకపోతే, ఫైనాన్స్ వాళ్లు కాగితాలు అడిగితే తానేం జవాబు చెప్పాలన్నదే ఆయన బెంగ. ఈ ఇద్దరికీ ఒకే కాగితం సరిపోదు.

మొదట ఇంటి క్లయింటు సంగతి. ప్రొఫైల్ మొదటి వాక్యంలోనే ఎవరికి నేర్పుతారో, ఎక్కడ నేర్పుతారో, ఏ వేళల్లో వీలవుతుందో ఉండాలి. "మియాపూర్, చందానగర్, కొండాపూర్‌లలో 45 ఏళ్లు దాటినవారికి ఇంటి దగ్గరే యోగా నేర్పుతాను. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 6 నుంచి 9 లోపు." ఇంత చెబితే చదివే గృహిణికి అది తన కోసమేనని అర్థమవుతుంది. ప్రాంతం రాయడం టీచర్‌కూ లాభమే. గంట తరగతికి రానూపోనూ మరో గంట పట్టే చోటికి ఒప్పుకుంటే ఉదయం పూట రెండు ఇళ్లకు మించి వెళ్లలేరు.

తర్వాత అర్హత. 200 గంటలు అనేది శిక్షణ ఎంతసేపు సాగిందో చెప్పే లెక్క. ఆ అంకె పక్కన తరచూ కనిపించే యోగా అలయన్స్ అమెరికాలోని ఒక సంస్థ. అది టీచర్లను నమోదు చేసుకుంటుంది, అంతేగాని ప్రభుత్వ లైసెన్సు ఇవ్వదు. మన దగ్గర ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది. పరీక్ష పెట్టి అంచెలవారీగా ధ్రువపత్రాలు ఇస్తుంది. యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ మొదటి అంచె, యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్ రెండోది. మీ దగ్గర ఏది ఉంటే దాని పేరు, ఇచ్చిన సంస్థ, సంవత్సరం ఒక్క వాక్యంలో రాస్తే చాలు. పాల్గొన్న వర్క్‌షాపులన్నీ వరసపెట్టనక్కర్లేదు.

అన్నిటికంటే నమ్మకం కలిగించేది మీ హద్దు మీరే చెప్పడం. "షుగర్ తగ్గిస్తాం" అనే మాట చూసి డాక్టర్ దగ్గర వైద్యం చేయించుకుంటున్నవాళ్లు వెనకాడతారు. దాని బదులు ఇలా రాయండి: "మొదటి తరగతికి ముందు మీ ఆరోగ్య వివరాలు అడుగుతాను. బీపీ అదుపులో లేనివారికి, గ్లకోమా ఉన్నవారికి తలకిందులుగా ఉండే ఆసనాలు చేయించను. గర్భిణులకు, హెర్నియా ఉన్నవారికి కపాలభాతి చేయించను. ఆపరేషన్ అయినవారు డాక్టర్ అనుమతి తెచ్చుకోవాలి. మందులు మానమని ఎప్పుడూ చెప్పను." ఈ నాలుగైదు వాక్యాలు చదివితే టీచర్‌కు పని తెలుసని అర్థమవుతుంది.

ఫోటో కూడా అదే మాట చెప్పాలి. కుర్చీ పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ మోకాలు సరిచేస్తున్న ఫోటో ఆ గృహిణికి శీర్షాసనం ఫోటో కంటే ఎక్కువ ధైర్యమిస్తుంది. అందులో ఉన్నవారి అనుమతి తీసుకోవాలి. క్లయింట్ల అభిప్రాయాలు వేసినా "చాలా మంచి టీచర్" అన్నవి వద్దు. "ఇప్పుడు నేల మీద కూర్చుని ఎవరి సాయం లేకుండా లేస్తున్నాను" లాంటి మాటైతే చదివేవారు తమ పరిస్థితితో పోల్చుకోగలరు.

ఇక కంపెనీ కోసం రాసే కాగితం. హెచ్‌ఆర్ అధికారి దాన్ని చదివి పైవాళ్లకు పంపుతారు. అందుకే అది ఒక్క పేజీ మించకుండా, తరగతి ఎలా జరుగుతుందో కళ్లకు కట్టాలి. మన మియాపూర్ టీచర్ ఇలా రాయవచ్చు: ఎనిమిది వారాలు, వారానికి రెండుసార్లు, 40 నిమిషాల తరగతి, ఒక్కో బ్యాచ్‌లో 20 మంది. కుర్చీలోనూ నిలబడీ చేసేవే కాబట్టి మ్యాట్లు, బట్టలు మార్చుకోవడం అక్కర్లేదు. కాన్ఫరెన్స్ గది చాలు. మెడ, భుజాలు, నడుము కదిలించే అభ్యాసాలు, చివర్లో నాడీశోధన, భ్రామరి. ఆఫీసుల్లో పనిమధ్య చేసుకోవడానికి ఆయుష్ శాఖ రూపొందించిన ఐదు నిమిషాల వై-బ్రేక్ ఉంది. తరగతి లేని రోజుల్లో ఉద్యోగులు దాన్ని సొంతంగా చేసుకునేలా నేర్పుతానని కూడా చేర్చవచ్చు.

కంపెనీ కార్యక్రమాలు ఎక్కువగా దెబ్బతినేది హాజరు దగ్గర. మొదటి వారం గది నిండుతుంది. ప్రాజెక్టు గడువులు దగ్గరపడేసరికి సగం మంది కనిపించరు. ఈ సంగతి దాచకుండా ప్రతిపాదనలోనే రాయాలి. ప్రతి తరగతికి హాజరు పట్టిక ఉంటుందనీ, నాలుగో వారం చివర దాన్ని చూసి అవసరమైతే వేళ మారుస్తామనీ చెప్పాలి. మొదట్లోనూ చివర్లోనూ మెడనొప్పి, నిద్ర గురించి పేర్లు అడగని చిన్న ప్రశ్నావళి ఇస్తామని రాయాలి. పని సామర్థ్యం ఇంత శాతం పెరుగుతుందని మాట ఇవ్వకూడదు, దాన్ని రుజువు చేసే దారి టీచర్ చేతిలో ఉండదు. ఉద్యోగుల ఆరోగ్య వివరాలు కంపెనీకి ఇవ్వబోమని స్పష్టంగా రాయాలి. అది లేకపోతే ఉద్యోగులు తమకున్న ఇబ్బంది బయటపెట్టరు, అప్పుడు చేయకూడని ఆసనం చేసే ప్రమాదం ఉంటుంది.

పేజీ అడుగున డబ్బు లెక్కలు. తరగతికి ఎంత, మొత్తం ఎన్ని తరగతులు, కంపెనీ చివరి నిమిషంలో రద్దు చేస్తే ఏం చేయాలి, బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లించాలి. పాన్ కార్డు, బ్యాంకు వివరాలు, జీఎస్టీ నమోదు ఉంటే ఆ నంబరు సిద్ధంగా ఉన్నాయని రాయాలి. వెండర్‌గా నమోదు చేసుకునేటప్పుడు కంపెనీ ఇవన్నీ అడుగుతుంది. బిల్లు చెల్లించడానికి నెల, రెండు నెలలు పట్టవచ్చు, టీడీఎస్ కోసుకుని ఇవ్వవచ్చు. కాబట్టి ఇంటి తరగతుల ఆదాయాన్ని పూర్తిగా వదిలేసి కాంట్రాక్టు మీదే ఆధారపడటం మంచిది కాదు.

రాసింది పనిచేస్తోందో లేదో వచ్చే ఫోన్లలోని మొదటి ప్రశ్నే చెబుతుంది. "ఎంత తీసుకుంటారు?" అన్నదొక్కటే వినిపిస్తుంటే ఆ టీచర్‌కూ మిగతావారికీ తేడా చదివేవారికి కనబడలేదని అర్థం. అప్పుడు ఫీజు తగ్గించే ముందు మొదటి వాక్యం మార్చి చూడాలి. "మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది మేడమ్, శుక్రవారం ఏడింటికి వీలవుతుందా?" అని అడిగితే ప్రొఫైల్ తన పని చేసినట్టే. హెచ్‌ఆర్ నుంచి వచ్చిన ఫోన్లో "రెండు బ్యాచ్‌లు పెట్టగలరా?" అని వినిపించినా అంతే. ఆ తర్వాత మొదటి తరగతిలో ఆరోగ్య వివరాలు నిజంగా అడగాలి, చేయించనన్న ఆసనం చేయించకూడదు. రెండో నెల కూడా ఆ క్లయింటు కొనసాగేది దాన్ని బట్టే.