టు-లెట్ బోర్డు వెనుక ప్రశ్నలు: అద్దెదారు ఏమని బదులివ్వవచ్చు?

హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో అద్దె ఇల్లు వెదికేవారికి "ఫ్యామిలీలకు మాత్రమే", "శాకాహారులకు మాత్రమే" అనే బోర్డులు కొత్త కావు. కులాన్ని మాత్రం సాధారణంగా నేరుగా అడగరు. "మీ ఇంటిపేరేమిటండీ?" అని మొదలై, "సొంత ఊరు ఎక్కడ?" అని సాగి, "ఇంట్లో మాంసం వండుతారా?" అనే దగ్గర ఆగుతుంది. అడిగినవి మూడు ప్రశ్నలైనా, తరచుగా వెదికే సమాధానం ఒక్కటే.

ఇటువంటి ప్రశ్నలను చట్టం నిషేధిస్తుందా అన్నది మొదటి సందేహం. పూర్తిగా నిషేధించదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, కులం, లింగం, జన్మస్థలం వంటి కారణాలతో వివక్ష చూపవద్దని ప్రధానంగా ప్రభుత్వాన్ని ఆదేశిస్తుంది. దుకాణాలు, హోటళ్ల వంటి బహిరంగ స్థలాల విషయంలో వ్యక్తులకూ వర్తిస్తుంది గాని, సొంత ఇంటిని అద్దెకిచ్చే యజమానిని అది పేర్కొనలేదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం లిఖితపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసి, నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. ఆహారం, వైవాహిక స్థితి గురించి మాత్రం మౌనంగా ఉంది.

అయితే కొన్ని గట్టి మినహాయింపులున్నాయి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం, అంటరానితనం కారణంగా ఒకరిని ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో నివసించకుండా అడ్డుకోవడం శిక్షార్హం. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి 2017 చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం అద్దె ఇంటి విషయంలో వివక్ష నుంచి స్పష్టమైన రక్షణ కల్పిస్తున్నాయి. పెళ్లికానివారికి, మాంసాహారులకు అటువంటి ప్రత్యేక నిబంధన లేదు. కనుక వారికి మిగిలిన ప్రధాన సాధనం సంభాషణే.

ఒక ఉదాహరణ చూద్దాం. కూకట్‌పల్లిలో రెండు గదుల వాటా చూడడానికి, ఔషధ సంస్థలో పనిచేసే ముప్పై ఏళ్ల యువతి వెళ్లిందనుకుందాం. కింది అంతస్తులో ఉండే యజమానురాలు, "పెళ్లయిందా అమ్మా? ఒక్కదానివే ఉంటావా?" అని అడుగుతారు. "అది మీకెందుకు?" అంటే మాట అక్కడితో తెగిపోతుంది. అబద్ధం చెబితే తరువాత బయటపడి, ఖాళీ చేయమనడానికి సాకు దొరుకుతుంది. ఆమె ఇలా అనవచ్చు: "ఒక్కదాన్నే ఉంటానండీ. పెళ్లి సంగతి నా సొంత విషయం. మీకు ఏ ఇబ్బంది వస్తుందని అడుగుతున్నారో చెబితే, దానికి నేను బదులిస్తాను."

ఈ వాక్యం ప్రశ్నను తిప్పికొట్టదు, దాని వెనుక ఉన్న భయాన్ని బయటికి రప్పిస్తుంది. అద్దె సకాలంలో వస్తుందా అన్నదే ఆ భయమైతే జీతం రుజువు, పాత యజమాని ఫోన్ నంబరు ఇవ్వవచ్చు. రాత్రి పొద్దుపోయాక గేటు తీయవలసి వస్తుందన్నదైతే తాళంచెవి విషయం మాట్లాడుకోవచ్చు. పోలీసు పరిశీలనకు గుర్తింపు కార్డు, శాశ్వత చిరునామా, ఉద్యోగ వివరాలు ఇవ్వడానికి ఆమె సిద్ధమని ముందే చెప్పడం మంచిది. యజమానికి నిజంగా అవసరమైన సమాచారం అదే.

ఆహారం ప్రశ్నకూ అదే దారి. "వాసన, చెత్త గురించి మీ అభ్యంతరమైతే, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తాను, చెత్త మూటగట్టి ఏ రోజుకారోజు బయట వేస్తాను" అనడం ఆచరణసాధ్యమైన హామీ. వాసనతో నిమిత్తం లేకుండా ఇంట్లో మాంసమే వండకూడదంటే, అది ఆ యజమాని నమ్మకం, హామీలతో కరగదు. అక్కడ వాదన పొడిగించడంకన్నా మర్యాదగా వెనుదిరగడమే మేలు. ఒప్పుకుని రహస్యంగా వండుకోవడం నెల తిరగకముందే గొడవకు దారితీస్తుంది.

ఈ మాటలన్నీ టోకెన్ అడ్వాన్సు చెల్లించకముందే జరగాలి. చెల్లించాక షరతు బయటపడితే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. కుదిరిన అంశాలను వాట్సాప్ సందేశంగా పంపి, ఒప్పందంలో కూడా రాయించుకోవాలి. మన దగ్గర ఒప్పందాలు ఎక్కువగా 11 నెలలకే రాస్తారు.  గడువు చిన్నది కాబట్టి, రాయని షరతు పునరుద్ధరణ సమయంలో మళ్లీ తలెత్తుతుంది.

కులం కారణంగా నిరాకరించారన్న అనుమానం ఉన్నప్పుడు రుజువే అసలు చిక్కు. "ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశామండీ" అనే జవాబు తరచుగా వినిపిస్తుంది. మరుసటి రోజు వేరొకరు ఫోన్ చేస్తే ఖాళీగానే ఉందనడం, వారం తరువాతా అదే బోర్డు వేలాడడం సూచనలు మాత్రమే. తేదీ, సమయం, అన్న మాటలు అప్పటికప్పుడే రాసిపెట్టుకుని, సందేశాలు భద్రపరచుకుంటే, పోలీసులను గాని జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని ఆశ్రయించేటప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆ సంస్థలో ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.