రెండు చీలికల బొమ్మను ఎలా చదవాలి?



12వ తరగతి ఫిజిక్స్‌లో వేవ్ ఆప్టిక్స్ పాఠం తెరిస్తే ఒక బొమ్మ కనిపిస్తుంది. ఎడమ వైపు కాంతి, మధ్యలో రెండు సన్నని చీలికలు, కుడి వైపు తెర, దాని మీద వెలుగు చీకటి చారలు. థామస్ యంగ్ పేరుతో ఉన్న ఈ బొమ్మను పిల్లలు చక్కగానే గీస్తారు. అయితే చాలామంది వ్యతికరణం ఒక ప్రశ్న, వివర్తనం ఇంకో ప్రశ్న అన్నట్టు విడివిడిగా బట్టీ పడతారు. నిజానికి ఈ బొమ్మలో రెండూ కలిసే పనిచేస్తాయి.

ముందు వివర్తనం. పక్క గది తలుపు కొద్దిగా తెరిచి ఉంటే లోపలి మనుషులు కనిపించకపోయినా మాటలు వినిపిస్తాయి. సన్నని సందులోంచి వచ్చిన తరంగం ఇలా పక్కలకు విచ్చుకోవడమే వివర్తనం. చీలిక ఎంత సన్నగా ఉంటే కాంతి అంత ఎక్కువగా విచ్చుకుంటుంది. అది జరగకపోతే తెర మీద రెండు వెలుగు గీతలు విడిగా పడేవి, అంతే.

అలా విచ్చుకున్న రెండు కాంతులు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు జరిగేది వ్యతికరణం. తెర మధ్యకు రెండు చీలికల నుంచీ దూరం సమానం. శిఖరం మీద శిఖరం పడి వెలుగు పెరుగుతుంది. కాస్త పక్కకు జరిగితే ఒక కాంతి ఎక్కువ దూరం రావాలి. ఆ తేడా సగం తరంగదైర్ఘ్యం అయిన చోట శిఖరం మీద లోయ పడి చీకటి అవుతుంది. పూర్తి తరంగదైర్ఘ్యం అయిన చోట మళ్లీ వెలుగు వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు, చీలికల మధ్య దూరం 0.25 మిల్లీమీటర్లు, తెర 1 మీటరు దూరంలో ఉందనుకోండి. β = λD/d ప్రకారం వెలుగు చారలు 2.6 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వస్తాయి.

ఇక్కడ పిల్లలు తికమకపడే చోటు ఒకటుంది. ఒక్కో చీలిక వెడల్పు 0.05 మిల్లీమీటర్లయితే, వివర్తనం వల్ల మధ్య నుంచి 13 మిల్లీమీటర్ల దగ్గర ఏ చీలిక నుంచీ కాంతి చేరదు. ఐదో వెలుగు చార రావలసింది సరిగ్గా అక్కడే (5 × 2.6 = 13). కాబట్టి అది రెండు వైపులా కనిపించదు. ప్రయోగం చెడిపోయిందని, బొమ్మ తప్పని అనుకోనక్కర్లేదు. చారలు ఎక్కడ రావాలో వ్యతికరణం చెబుతుంది. వాటిలో ఏది ఎంత ప్రకాశించాలో వివర్తనం నిర్ణయిస్తుంది.

మీ అబ్బాయికి లేదా అమ్మాయికి ఇది అర్థమైందో లేదో తెలియాలంటే ఒక్క ప్రశ్న చాలు: "ఒక చీలికను మూసేస్తే తెర మీద ఏం మిగులుతుంది?"

"సగం వెలుగుతో అవే చారలు" అంటే పాఠం మళ్లీ చదవాలి. "సన్నని చారలు పోతాయి, వివర్తనం వల్ల వచ్చే వెడల్పాటి పట్టీ మిగులుతుంది" అంటే బొమ్మ అర్థమైనట్టే.