ఇరవై నిమిషాల చదరంగం

ఆఫీసు నుంచి వచ్చి, భోంచేసి, పిల్లల్ని పడుకోబెట్టి, రేపటి టిఫిన్ డబ్బాల సంగతి చూసుకునేసరికి పదిన్నర దాటుతుంది. ఇక మిగిలేది ఓ ఇరవై నిమిషాలు. దానికి సరిపడే ఆట వెతుక్కునేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఒక్కటే: ఈ ఆట ఎక్కడ ముగుస్తుంది? బీజీఎంఐలో ఎరాంగెల్ మ్యాప్‌ మీద చివరిదాకా నిలిస్తే అరగంట పడుతుంది, మధ్యలో లేస్తే జట్టులో మిగతా ముగ్గురూ తిట్టుకుంటారు. క్యాండీ క్రష్‌కు అసలు చివరే కనబడదు. లైఫ్‌లు ఐదూ అయిపోతే అరగంటకొకటి మళ్లీ వస్తుంది, అది వచ్చిందో లేదో చూడ్డానికి ఫోన్ మళ్లీ చేతిలోకి వస్తుంది. వర్డల్ అయితే రోజుకొక్క మాట, ఆరు ప్రయత్నాలు, అంతే. అది మంచి పద్ధతే కానీ ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇన్ని నిమిషాల్లో ముగియాలని ఆడేవాళ్లే ముందుగా రాసిపెట్టుకునే ఆట ఒకటుంది. అది ఆన్‌లైన్ చదరంగం. అందులో గడియారం కూడా ఆటలో భాగమే. ఎవరి టైమ్ వాళ్లది, నా వంతు నడిచేటప్పుడు నా గడియారమే తిరుగుతుంది, అది సున్నాకొస్తే సాధారణంగా ఓడిపోయినట్టే. చెస్.కామ్‌లో గానీ లీచెస్‌లో గానీ (రెండోది 2010లో తిబో డుప్లెసి అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టింది, పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు) ఆట మొదలుపెట్టేముందు 10+0, 5+3, 15+10 లాంటి అంకెలు కనిపిస్తాయి. మొదటి అంకె ఒక్కొక్కరికి ఇచ్చే నిమిషాలు. రెండోది ప్రతి ఎత్తు వేశాక తిరిగి కలిసే సెకన్లు. ఇరవై నిమిషాలవాళ్లు మోసపోయేది ఈ రెండో అంకె దగ్గరే.

15+10 తీసుకుందాం. పదిహేను నిమిషాలే కదా అనిపిస్తుంది. ఆట నలభై ఎత్తులు నడిచిందనుకోండి. ఎత్తుకు పది సెకన్ల చొప్పున నాలుగొందల సెకన్లు కలుస్తాయి. అంటే ఒక్కొక్కరికి దాదాపు ఇరవై రెండు నిమిషాలు, ఇద్దరివీ కలిపితే నలభై మూడు. మన కోనేరు హంపి 2019లో మాస్కోలో, మళ్లీ 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది ఈ పద్ధతిలోనే. ఆదివారం మధ్యాహ్నానికి అది బ్రహ్మాండమైన ఆట. పడుకునే ముందు పెట్టుకుంటే మాత్రం పదకొండుంబావు దాటుతుంది.

10+0లో కలిసే సెకన్లు లేవు కాబట్టి ఎంత సాగినా సరిగ్గా ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. సైట్లు దీన్ని ర్యాపిడ్ అంటాయి, ఫిడే నిబంధనల ప్రకారం ఇది బ్లిట్జ్. పేరు ఏదైనా లెక్క కుదిరింది కదా అనుకోవచ్చు. కానీ దీని బాధ చివర్లో తెలుస్తుంది. మీకు రాజు, ఏనుగు ఉన్నాయి, అవతలివాడికి ఒట్టి రాజే మిగిలాడు. తెలిసినవాడు ఏ స్థితి నుంచైనా పదహారు ఎత్తుల్లోపు కట్టించగలడు. మీ గడియారంలో ఎనిమిది సెకన్లే ఉన్నాయి. ఎత్తుకు అర సెకను. గెలిచిన ఆట చేజారిపోతుంది, అవతలివాడికి ఒట్టి రాజు కాబట్టి అది డ్రా కింద రాస్తారు. గుండె దడదడలాడుతుండగా ఇంకేం నిద్ర!

అందుకే నా ఓటు 5+3కి. ఆట నలభై ఐదు ఎత్తులు సాగిందనుకుందాం, మామూలుగా ఆడుకునేవాళ్లకు అది పొడుగాటే. కలిసేది రెండు నిమిషాల పదిహేను సెకన్లు. ఒక్కొక్కరికి ఏడుంబావు నిమిషాలు, ఇద్దరికీ కలిపి పద్నాలుగున్నర. పదీ నలభైకి కూర్చుంటే ఎంత ఆలస్యమైనా పదీ యాభై ఐదుకల్లా తేలిపోతుంది. పైగా ఎంత తొందరలో ఉన్నా ఎత్తుకు మూడు సెకన్లు కచ్చితంగా చేతిలో ఉంటాయి, ఇందాకటి ఏనుగు ఆట ఈసారి గెలుస్తారు. మిగిలిన ఐదు నిమిషాల్లో ఆటను వెనక్కి తిప్పి చూడొచ్చు. మొత్తం చూడక్కర్లేదు. విశ్లేషణ గ్రాఫ్‌లో గీత మొదటిసారి నిలువుగా పడిపోయిన చోట ఆగితే చాలు. కొత్తగా ఆడేవాళ్లకు అక్కడ కనిపించేది దాదాపు ఎప్పుడూ ఒకటే: గుర్రమో ఏనుగో కాపలా లేకుండా నిలబడి ఉంటుంది, ఊరికే పోయి ఉంటుంది.

ఒక జాగ్రత్త. నడుస్తున్న ఆటను ఆపి మళ్లీ మొదలుపెట్టే వీలు ఇందులో లేదు. పాప లేచి ఏడ్చినా, అవతల మీటింగ్ కాల్ వచ్చినా గడియారం ఆగదు. వదిలేసి వెళ్లడం తరచూ జరిగితే సైటు కొంతసేపు ఆడనివ్వదు కూడా. ఇంట్లో అలాంటి రాత్రులే ఎక్కువైతే ఇన్‌టు ద బ్రీచ్ లాంటిది మేలు. ఎనిమిది గళ్ల చదరం మీద నాలుగైదు వంతుల్లో ఒక పోరు ముగుస్తుంది, శత్రువు తర్వాత ఎక్కడ కొడతాడో ముందే చూపిస్తుంది, ఎంతసేపు ఆలోచించినా అడిగేవాళ్లుండరు.

చదరంగంలో అసలు ప్రమాదం ఆట అయ్యాక వస్తుంది. తెర మీద 'రీమ్యాచ్' బటన్ వెలుగుతుంది. "ఓడిపోయి పడుకోను, ఒకటి గెలిచాక పడుకుంటా" అనుకుంటారు. ఇది ఎంత ఖరీదైన మాటో చూడండి. సైటు మీ రేటింగ్‌కు దగ్గరగా ఉన్నవాళ్లనే ఎదురు కూర్చోబెడుతుంది. గెలిస్తే రేటింగ్ పెరిగి ఇంకా గట్టివాళ్లు వస్తారు, ఓడితే తగ్గి తేలికవాళ్లు వస్తారు. ఈ ఏర్పాటులో ఎంత బాగా ఆడేవాడైనా సగం ఆటలు ఓడాల్సిందే. డ్రాలు పక్కన పెడితే ప్రతి ఆటా బొమ్మా బొరుసూ అన్నమాట. అంటే వరుసగా మూడు ఓడే అవకాశం ఎనిమిదిలో ఒకటి. గెలిచాకే పడుకుంటానన్న మనిషి దాదాపు వారానికో రాత్రి మూడు ఆటలు ఓడి నలభై నిమిషాలు దాటాక కూడా ఇంకా కూర్చునే ఉంటాడు. నాలుగో ఆట మరీ ఘోరంగా ఉంటుంది, నిద్రమత్తుకు కోపం తోడవుతుంది కాబట్టి. గెలుపుతో ముడిపెట్టకుండా ఒక్క ఆటకే తెరదించేవాళ్లకు ఈ లెక్క అంటదు.

గడియారం ఒత్తిడే వద్దనుకునేవాళ్లకు కరస్పాండెన్స్ చెస్ ఉంది. ఒకప్పుడు పోస్టు కార్డు మీద ఎత్తు రాసి పంపేవాళ్లు, ఇప్పుడు అదే ఆట ఫోన్‌లో. ఒక్కో ఎత్తుకు ఒక రోజు నుంచి పద్నాలుగు రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. ఐదారుగురితో ఒకేసారి ఆటలు నడుపుతూ, రాత్రి కూర్చుని ఒక్కో బోర్డు మీద మూడు నాలుగు నిమిషాలు ఆలోచించి ఒక ఎత్తు వేసేస్తే ఆ రాత్రికి పని అయిపోయినట్టే. జవాబు వెంటనే రాదు కాబట్టి ఇంకొకటి ఆడదామన్నా బోర్డు ఖాళీ ఉండదు. ఓపెనింగ్ పుస్తకాలు చూసుకోవచ్చు, కంప్యూటర్‌ను ఎత్తు అడగడం మాత్రం నిషిద్ధం. డల్లాస్‌లో ఉన్న బావమరిదితో ఆడుకోవడానికి ఇంతకంటే వీలైంది లేదు. వేసవిలో ఇక్కడ రాత్రి పదిన్నర అయితే అక్కడ మధ్యాహ్నం పన్నెండు, ఆయన లంచ్ డబ్బా తెరుస్తూ జవాబు ఎత్తు వేస్తాడు, అది మీకు మర్నాటి రాత్రి ఆలోచనకు పనికొస్తుంది. గడువు మాత్రం మరీ తక్కువ పెట్టుకోకూడదు. ఒక రోజు గడువుతో ఆడుతూ సంక్రాంతికి సిగ్నల్ అందని ఊరికి వెళ్తే తిరిగొచ్చేసరికి బోర్డులన్నీ టైమ్ మీద పోయి ఉంటాయి. మూడు రోజులు సుఖం, పండగ ముందు మొదలుపెట్టే ఆటలకు ఏడు.