మార్కు ధర ఎంత?
గ్రూప్‌-2 ప్రిలిమ్స్‌లో ఏ సెక్షన్‌కు ఎంత లక్ష్యం పెట్టుకోవాలి?

ఏపీపీఎస్సీ గ్రూప్‌-2 ప్రిలిమ్స్‌ పేపర్‌లో అయిదు సెక్షన్లు ఉంటాయి. భారతదేశ చరిత్ర, భూగోళశాస్త్రం, భారతీయ సమాజం, వర్తమాన అంశాలు, మెంటల్‌ ఎబిలిటీ. ఒక్కోదానికి 30 మార్కులు, మొత్తం 150. టైమ్‌ కూడా 150 నిమిషాలే. మార్కులు ఇలా సమానంగా పంచారు కాబట్టి చదివే టైమ్‌ను కూడా సమానంగా పంచేస్తారు చాలామంది. కానీ సిలబస్‌లు సమానం కావు. చరిత్రలో సింధు నాగరికత నుంచి స్వాతంత్ర్యానంతర భారతం దాకా చదివినా వచ్చేది 30 మార్కులే. భారతీయ సమాజం సిలబస్‌ మూడు చిన్న పేరాలు దాటదు, దానికీ 30 మార్కులే. మార్కు విలువ అన్నిచోట్లా ఒకటే అయినా, దాన్ని సంపాదించడానికి పెట్టే గంటలు మాత్రం సెక్షన్‌ సెక్షన్‌కూ మారిపోతాయి. ఏ మార్కు ఎన్ని గంటలకు దొరుకుతుందో తెలిస్తేనే ఏ సెక్షన్‌లో ఎంత తెచ్చుకోవాలో తేలుతుంది.

ముందు రెండు నియమాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఈ ప్రిలిమ్స్‌ వడపోత పరీక్ష మాత్రమే. ఇక్కడి మార్కులు మెయిన్స్‌లో కలవవు. 2024 ఫిబ్రవరి 25న జరిగిన ప్రిలిమ్స్‌ను నాలుగు లక్షల మందికి పైగా రాస్తే, మెయిన్స్‌కు సుమారు 92 వేల మందిని తీసుకున్నారు. ఇక్కడ మొదటి వందమందిలో ఉన్నవారికీ, గీత దాటి గట్టెక్కినవారికీ దక్కేది ఒకే హాల్‌టికెట్‌. రెండు, సెక్షన్ల వారీగా కటాఫ్‌ లేదు. ఒక సెక్షన్‌లో తగ్గిన మార్కుల్ని ఇంకో సెక్షన్‌లో రాబట్టుకోవచ్చు. చవకైన మార్కులు వెతుక్కునే వెసులుబాటు ఈ రెండో నియమం వల్లే వచ్చింది.

ఇప్పుడు ఎక్కడున్నారు?

లక్ష్యం వేసుకోవాలంటే ముందు ఇప్పుడు ఎన్ని వస్తున్నాయో తెలియాలి. పాత ప్రిలిమ్స్‌ పేపర్‌ ఒకటి తీసుకుని, ఓఎంఆర్‌ షీట్‌ ముందు పెట్టుకుని, గడియారం చూసుకుంటూ రాయాలి. రాసేటప్పుడే ప్రతి ప్రశ్న పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి: కచ్చితంగా తెలిసి పెట్టినదానికి ‘క’, రెండు ఆప్షన్ల మధ్య ఊగి పెట్టినదానికి ‘ఊ’, గుడ్డిగా పెట్టినదానికి ‘గు’. ఈ గుర్తులు లేకపోతే స్కోరు ఎంతో తెలుస్తుంది కానీ, మార్కులు ఎందుకు పోయాయో తెలియదు.

ఉద్యోగం చేసుకుంటూ రోజుకు నాలుగు గంటలు చదవగలిగే ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. పరీక్షకు మూడు నెలలుంది. తప్పు జవాబుకు మూడోవంతు మార్కు కోత పోను ఆయనకు చరిత్రలో 13, భూగోళంలో 8, సమాజంలో 10, వర్తమాన అంశాల్లో 6, మెంటల్‌ ఎబిలిటీలో 14 వచ్చాయి. మొత్తం 51. కటాఫ్‌ ఎంత ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. పేపర్‌ కష్టాన్ని బట్టీ, పోస్టుల సంఖ్యను బట్టీ అది మారుతుంది. అందుకే ఆయన కాస్త ఎడం ఉంచుకుని 75 దాటాలని లెక్క వేసుకున్నాడు. అంటే ఇంకో 24 మార్కులు కావాలి.

ఇవన్నీ ఒకే సెక్షన్‌లో దొరకవు. అయిదింటికీ తలా అయిదు చొప్పున పంచేస్తే, గంటలు ఎక్కువ తినే సెక్షన్‌లో దండగ పడుతుంది. అందుకే పోయిన మార్కుల్ని ఒక్కొక్కటిగా తీసి చూడాలి.

టైమ్‌ చాలక పోయిన మార్కులు

మెంటల్‌ ఎబిలిటీలో ఆయనకు 15 ఒప్పయ్యాయి, 3 తప్పయ్యాయి, 12 ఖాళీగా మిగిలాయి. పేపర్‌లో ఈ సెక్షన్‌ చివర్లో వస్తుంది. అక్కడికి చేరేసరికి ఆయన చేతిలో అరగంట కూడా లేదు. మర్నాడు ఆ పన్నెండింటినీ గడియారం పక్కన పెట్టి చేస్తే ఎనిమిది సరిగ్గా వచ్చాయి. ఆ ఎనిమిదీ రాకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, వాటి దాకా వెళ్లకపోవడం. వీటికి కొత్తగా చదవాల్సిందేమీ లేదు. మొత్తం పేపర్‌లో అన్నిటికంటే చవకైన మార్కులు ఇవే.

మొదటి నాలుగు సెక్షన్లలో 120 ప్రశ్నలున్నాయి. అవి తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేనట్టు. ఎక్కువసేపు చూసినంత మాత్రాన జవాబు పుట్టుకురాదు. సగటున 40 సెకన్లు ఇస్తే అవి 80 నిమిషాల్లో అయిపోతాయి. బబుల్స్‌ దిద్దడానికి పది నిమిషాలు పోయినా మెంటల్‌ ఎబిలిటీకి గంట మిగులుతుంది, అంటే ప్రశ్నకు రెండు నిమిషాలు. జతపరచండి ప్రశ్నల మీదా, పొడుగాటి ప్రకటనల మీదా మూడేసి నిమిషాలు కూర్చునే అలవాటు మానడమే ఇక్కడ అసలు సాధన. దానితో పాటు శాతాలు, నిష్పత్తులు, కాలం-పని లెక్కలు రోజూ అరగంట చేస్తే, 14 నుంచి 20కి రావడానికి యాభై గంటలు చాలని ఆయన అంచనా. మార్కుకు ఎనిమిది గంటలన్నమాట.

సగం తెలిసి పోయిన మార్కులు

తర్వాత చూడాల్సింది తప్పుల్ని. భూగోళంలో ఆయన 12 ఒప్పు పెట్టి, 12 తప్పు పెట్టాడు. ఆ తప్పులకు నాలుగు మార్కుల కోత పడి ఎనిమిది మిగిలాయి. ‘అన్నీ వదిలేసి ఉంటే నాలుగు మిగిలేవిగా’ అనిపిస్తుంది. కానీ అది పూర్తి నిజం కాదు. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా 12 ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున 3 ఒప్పవుతాయి, 9 తప్పవుతాయి. వచ్చిన మూడూ కోతకే సరిపోతాయి. లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక ఆప్షన్‌ కచ్చితంగా కాదని తెలిస్తే అదే 12 ప్రశ్నల మీద ఒక మార్కుకు పైగా మిగులుతుంది. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే 6 ఒప్పు, 6 తప్పు. కోత పోను 4 మార్కులు మిగులుతాయి. అందుకని ‘ఊ’ గుర్తున్న ప్రశ్నల్ని వదలకూడదు. ‘గు’ గుర్తున్నవాటి మీద టైమ్‌ పెట్టకూడదు.

అసలు భయపడాల్సింది ‘క’ గుర్తు ఉండి తప్పయినవాటికి. తెలుసనుకుని తప్పు పెట్టిన ప్రశ్న అది. అక్కడ ఏదో ఒక తికమక పాతుకుపోయి ఉంది. దాన్ని సరిచేస్తే ఒక మార్కు రావడమే కాదు, మూడోవంతు కోత కూడా ఆగుతుంది. ఒక అధ్యాయం కొత్తగా మొదలుపెట్టడం కంటే ఇలాంటి తికమకల్ని ఒక నోట్‌బుక్‌లో రాసుకుని వారానికోసారి చూసుకోవడం ఎంతో చవక.

రెండుసార్లు పనికొచ్చే మార్కులు

భారతీయ సమాజం సెక్షన్‌లో మూడు భాగాలున్నాయి: సమాజ నిర్మాణం, సామాజిక సమస్యలు, సంక్షేమ యంత్రాంగం. మూడో భాగంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, పిల్లలు, దివ్యాంగులకు సంబంధించిన రాజ్యాంగ, చట్ట రక్షణలు వస్తాయి. ఇది హద్దులున్న భాగం. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణ, బాలకార్మికులకు సంబంధించిన 24, మూడు జాతీయ కమిషన్లకు వరుసగా 338, 338ఏ, 338బీ. చట్టాల్లో 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1961 వరకట్న నిషేధం, 1989 అట్రాసిటీ చట్టం, 2005 గృహహింస చట్టం, 2012 పోక్సో, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం. ఇలా ఒక వైపు అధికరణలు, ఇంకో వైపు చట్టాలు, సంవత్సరాలు రాసుకుంటే రెండు మూడు కాగితాల్లో సరిపోతుంది. పైగా మెయిన్స్‌ మొదటి పేపర్‌లో రాజ్యాంగానికి 75 మార్కులున్నాయి. ఇక్కడ చదివిన అధికరణలు అక్కడా అక్కరకొస్తాయి. అలాగే ఆంధ్రప్రదేశ్‌ వ్యవసాయం, పరిశ్రమలు, సహజ వనరుల భూగోళం మెయిన్స్‌ రెండో పేపర్‌లో ఆర్థికవ్యవస్థకు తోడవుతుంది. గంటలు సమానమైనప్పుడు రెండుచోట్ల పనికొచ్చేదాన్ని ముందు చదవాలి.

అయితే ఈ చవక చివరిదాకా ఉండదు. ఆయన సమాజంలో 10 నుంచి 17కి రావడానికి 70 గంటలు పెట్టుకున్నాడు. 17 దాటాలంటే ఎం.ఎన్‌. శ్రీనివాస్‌ చెప్పిన సంస్కృతీకరణ, ఆధిపత్య కులం లాంటి భావనల్లోకి, బంధుత్వ వ్యవస్థల్లోని తేడాల్లోకి లోతుగా దిగాలి. అక్కడ ప్రతి మార్కూ పదిహేను, ఇరవై గంటలు అడుగుతుంది. అదే గంటలకు భూగోళంలో నదులు, నేలలు, శీతోష్ణస్థితి చదివితే ఒక మార్కు తేలిగ్గా వస్తుంది. ఒక సెక్షన్‌లో తర్వాతి మార్కు ధర పక్క సెక్షన్‌ ధరను దాటిందంటే, అక్కడ ఆగి పక్కకు జరగాలి. ఆ సెక్షన్‌కు లక్ష్యం అక్కడే పడుతుంది.

ఇలా చూసుకుంటే ఆయన పట్టిక ఇలా తేలింది: మెంటల్‌ ఎబిలిటీ 20, సమాజం 17, చరిత్ర 17, భూగోళం 13, వర్తమాన అంశాలు 9. మొత్తం 76. వర్తమాన అంశాలకు హద్దు లేదు కాబట్టి రోజుకు అరగంటే ఇచ్చాడు. అక్కడ తొమ్మిదితో తృప్తి పడటం ఓటమి కాదు, లెక్క.

అంచనా తప్పితే?

ఈ ధరలన్నీ ఆయన వేసుకున్న అంచనాలే. గణితం చదువుకున్నవారికీ, చరిత్రలో పీజీ చేసినవారికీ అవి వేరుగా ఉంటాయి. అందుకే మూడు వారాలకోసారి సరిచూసుకోవాలి. ఎన్ని గంటలు పెట్టారు, ఎన్ని మార్కులు పెరిగాయి? ఇందుకు మొదట రాసిన పేపరే మళ్లీ రాయకూడదు. జవాబులు గుర్తుండి స్కోరు ఉబ్బుతుంది. ఒక్క టెస్టు చూసి నిర్ణయానికి రావడమూ పొరపాటే. 30 ప్రశ్నల సెక్షన్‌లో మూడు మార్కులు అటూ ఇటూ కావడం అదృష్టం మీదే జరిగిపోతుంది. రెండు మూడు టెస్టుల సగటు కదిలితేనే కదిలినట్టు. నలభై గంటలు పెట్టినా సగటు కదలకపోతే చదివే పద్ధతి మార్చాలి, లేదా ఆ గంటల్ని వేరే సెక్షన్‌కు మళ్లించాలి.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. సెక్షన్‌కో కటాఫ్‌, సెక్షన్‌కో టైమ్‌ పెట్టే బ్యాంకు పరీక్షల్లో ముందు అన్నిచోట్లా కనీస గీత దాటాలి, ఆ తర్వాతే చవక, ఖరీదు చూసుకోవాలి. గ్రూప్‌-2 మెయిన్స్‌లో ప్రతి మార్కూ ర్యాంకుకు లెక్కే కాబట్టి, ‘ఇక్కడికి చాలు’ అని ఆగే గీత మొత్తం స్కోరుకు ఉండదు.

ప్రిలిమ్స్‌కు సిద్ధమవుతున్నవారు కొత్త పుస్తకం కొనే ముందు ఒక పాత పేపర్‌ రాసి, పోయిన ప్రతి మార్కు పక్కనా కారణం రాసుకోండి. టైమ్‌ చాలక పోయినవాటిని మొదట, సగం తెలిసి పోయినవాటిని తర్వాత, అసలు తెలియక పోయినవాటిని చివర అందుకోండి.