అరోరా వీడియో: ఎవరికి కావాల్సిన సగం వాళ్లకి

ఈ ఎపిసోడ్‌లో నేనుండే అరోరా, కొలరాడో గురించి చెప్పాను కదండీ, దాని సారాంశం ఇది. 2024 ఆగస్టులో ఎడ్జ్ ఎట్ లౌరీ అపార్ట్‌మెంట్లలో తుపాకులతో తిరుగుతున్న మనుషుల వీడియో బయటికొచ్చింది. వెనిజులా గ్యాంగ్ ఊరినే పట్టేసుకుందన్నారు కొందరు. కాంప్లెక్స్ గ్యాంగ్ చేతిలో లేదని అప్పటి పోలీస్ చీఫ్ హెదర్ మోరిస్ చెప్పగానే, అంతా కట్టుకథేనన్నారు ఇంకొందరు. డిసెంబరులో అక్కడే ఒక జంటను కట్టేసి హింసించారు. అది గ్యాంగ్ పనేనని కొత్త చీఫ్ టాడ్ చాంబర్లెన్ చెప్పారు.

అంటే ఊరు గ్యాంగ్ చేతికి పోలేదు, గ్యాంగ్ ఉందన్నది అబద్ధమూ కాదు. కానీ ఎవరికి నచ్చిన సగం వాళ్లు షేర్ చేశారు.

నమ్మకానికి ఎదురొచ్చే వార్త చూస్తే మనసులో ఇబ్బంది పుడుతుంది. 1957లో లియాన్ ఫెస్టింగర్ దీన్నే కాగ్నిటివ్ డిసొనెన్స్ అన్నారు. నమ్మకం మార్చుకోవడం కష్టం, ఛానెల్ మార్చడం తేలిక. ఈ ఏరుకోవడమే సెలెక్టివ్ ఎక్స్‌పోజర్.

దీనికీ ఒక హద్దుంది. వార్త మన పనికొచ్చేదైతే, నచ్చనిదైనా చదువుతాం. రేపు అదే వీధిలో రూమ్ అద్దెకు తీసుకోవాలనుకోండి, రెండు సగాలూ వెతుక్కుంటాం.