సిలిండర్ మారిన ప్రతిసారీ: తేదీ, సబ్బు నీరు, రెగ్యులేటర్

వంటింట్లో స్టవ్వు, రబ్బరు ట్యూబు, రెగ్యులేటర్ ఏళ్ల తరబడి అవే ఉంటాయి. సిలిండర్ మాత్రం నెలకో రెండు నెలలకో మారిపోతుంది. ఖాళీది వెళ్లిపోయాక దాని స్థానంలో వచ్చేది అంతకుముందు మరెవరి ఇంట్లోనో వాడినది. దాని నెత్తిన ఉండే వాల్వు, ఆ వాల్వు లోపలి రబ్బరు రింగు కూడా దానితోనే వస్తాయి. అంటే రెగ్యులేటర్ పాతదే అయినా, అది కూర్చునే చోటు ప్రతిసారీ కొత్తదే. కిందటి సిలిండర్‌కు లీకు లేదన్న సంగతి ఈ సిలిండర్‌కు పనికిరాదు. అందుకే సిలిండర్ మార్చిన ప్రతిసారీ తేదీ చూడటం, సబ్బు నీటితో పరీక్షించడం అవసరం. రెండూ కలిపి ఐదు నిమిషాల పని.

కొద్దిపాటి లీకు ఎంత ప్రమాదం?

వంటగ్యాస్ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. రెండూ గాలి కన్నా బరువైనవే. ప్రొపేన్ సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ సుమారు రెండు రెట్లు బరువు ఉంటాయి. అందువల్ల లీకైన గ్యాస్ పైకి పోకుండా నేల మీద పరచుకుంటుంది. గాలిలో దాని పాలు దాదాపు రెండు శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది.

మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉన్న వంటగదిని తీసుకుందాం. అందులో నేల నుంచి ఒక అడుగు ఎత్తు వరకు ఉండే గాలి సుమారు 2,250 లీటర్లు. దానిలో రెండు శాతం అంటే 45 లీటర్ల గ్యాస్. తూకంలో అది దాదాపు 100 గ్రాములే. 14.2 కిలోల సిలిండర్‌లో ఇది నూట నలభయ్యో వంతు. తలుపులు మూసి ఉన్న గదిలో రాత్రంతా సాగే సన్నని లీకుకు ఇది పెద్ద లెక్క కాదు.

గ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. లీకు తెలియాలని ఇథైల్ మెర్‌క్యాప్టన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. అయితే జలుబు చేసినవారికి ఆ వాసన అందకపోవచ్చు. అదే గదిలో చాలాసేపు ఉన్నవారి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. వాసన వస్తుందిలే అని ఊరుకోకుండా, లీకును కంటితో చూడగలిగే పద్ధతి కావాలి.

కాలర్ దగ్గర రాసి ఉండే తేదీ

సిలిండర్‌ను పట్టుకుని ఎత్తడానికి పైన గుండ్రని ఇనుప కాలర్ ఉంటుంది. దాన్ని సిలిండర్‌కు కలుపుతూ మూడు నిలువు పట్టీలు ఉంటాయి. వాటిలో ఒక పట్టీ లోపలి వైపు ఒక ఇంగ్లిష్ అక్షరం, దాని పక్కన రెండంకెల సంఖ్య పెయింటుతో రాసి ఉంటాయి. అక్షరం సంవత్సరంలోని మూడు నెలల భాగాన్ని, సంఖ్య సంవత్సరాన్ని తెలుపుతాయి. ఏ అంటే మార్చితో ముగిసే మూడు నెలలు, బి అంటే జూన్‌తో, సి అంటే సెప్టెంబర్‌తో, డి అంటే డిసెంబర్‌తో ముగిసేవి. ఉదాహరణకు ‘సి-27’ అని ఉంటే, 2027 సెప్టెంబర్ లోపు ఆ సిలిండర్‌కు మళ్లీ పరీక్ష జరగాలని అర్థం.

దీన్ని చాలామంది గ్యాస్ ఎక్స్‌పైరీ తేదీ అనుకుంటారు. గ్యాస్ పాడయ్యేది కాదు. ఈ తేదీ ఉక్కు సిలిండర్‌కు సంబంధించినది. కొత్త సిలిండర్‌కు తయారైన పదేళ్లకు, ఆపైన ఐదేళ్లకోసారి పరీక్ష చేస్తారు. లోపల నీరు నింపి, మామూలు వాడకంలో ఎన్నడూ ఎదురుకానంత పీడనం పెట్టి, ఎక్కడైనా ఉబ్బుతోందా, కారుతోందా అని చూస్తారు. గడువు దాటిన సిలిండర్‌ను పరీక్షించకుండా మళ్లీ గ్యాస్ నింపకూడదన్నది నిబంధన.

కాబట్టి తేదీ చూడవలసిన సమయం సిలిండర్ గుమ్మం దగ్గర దిగినప్పుడే. ఆగస్టులో వచ్చిన సిలిండర్ మీద అదే ఏడాది ‘బి’ ఉంటే గడువు జూన్‌తోనే అయిపోయింది. దాన్ని తీసుకోకుండా వేరేది అడగాలి. ‘సి’ ఉంటే గడువు ఇంకా ఉంది, తీసుకోవచ్చు. వాడుతుండగా అక్టోబర్ వచ్చినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. ఖాళీ అయి ప్లాంటుకు చేరాక అది పరీక్షకు వెళ్లాలి.

తేదీ బాగుందంటే ఉక్కు డబ్బా గట్టిగా ఉందని మాత్రమే అర్థం. వాల్వులోని రబ్బరు రింగు గురించి ఆ తేదీ ఏమీ చెప్పదు. ఆ సంగతి సబ్బు నీరు చెబుతుంది.

రెండు దశల్లో సబ్బు నీటి పరీక్ష

అర గ్లాసు నీటిలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా వేసి, నురగ రాకుండా మెల్లగా కలపాలి. ముందే నురగ ఉంటే గ్యాస్ వల్ల వచ్చిన బుడగ ఏదో, కలిపినప్పుడు వచ్చినది ఏదో తెలియదు. మామూలు నీటిలో బుడగ పుట్టగానే పగిలిపోతుంది. సబ్బు నీటి తలతన్యతను తగ్గించడం వల్ల పలుచని పొర సాగి నిలుస్తుంది. అందుకే సూది మొనంత సందులోంచి వచ్చే గ్యాస్ కూడా బుడగై కనిపిస్తుంది. పరీక్షకు ముందు చుట్టుపక్కల మంట ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. అగ్గిపుల్ల వెలిగించి లీకు వెతకడం ఎప్పుడూ చేయకూడదు.

మొదటి దశ రెగ్యులేటర్ పెట్టక ముందు. సీలు తీసి, నైలాన్ దారంతో కట్టి ఉన్న మూతను పైకి లాగగానే వాల్వు నోరు కనిపిస్తుంది. దాని మధ్యలో ఒక పిన్ను ఉంటుంది. లోపలి స్ప్రింగు ఆ పిన్నును పైకి నెట్టి గ్యాస్‌ను ఆపుతుంది. వాల్వు నోటి మీద రెండు చుక్కల సబ్బు నీరు వేసి అర నిమిషం చూడాలి. బుడగ లేస్తే పిన్ను సరిగా మూసుకోవడం లేదన్నమాట. వెంటనే మూత తిరిగి పెట్టి గట్టిగా నొక్కాలి. ఆ మూత ఉన్నది ఇలాంటి లీకును ఆపడానికే. బుడగ లేకపోతే తడిని శుభ్రమైన గుడ్డతో తుడిచేయాలి.

రెండో దశ రెగ్యులేటర్ పెట్టాక. స్టవ్వు నాబులన్నీ మూసి, రెగ్యులేటర్ స్విచ్చును ఆన్ చేయాలి. అప్పుడు రెగ్యులేటర్ వాల్వు పిన్నును కిందికి నొక్కి గ్యాస్‌ను బయటికి వదులుతుంది. రెగ్యులేటర్, వాల్వు కలిసే చోట, ట్యూబు రెండు కొనల దగ్గర, ట్యూబు పొడవునా బ్రష్షుతో సబ్బు నీరు పూయాలి. ఒక్కో చోట నిమిషం పాటు చూడాలి. పూసినప్పుడు వచ్చిన నురగ కాసేపట్లో తగ్గిపోతుంది. లీకు ఉన్న చోట బుడగలు ఆగకుండా పుడుతూ పెద్దవవుతాయి. లీకు బాగా పెద్దదైతే బుడగ నిలవకుండా సబ్బు నీరు చిమ్ముతుంది.

ఈ రెండు దశలను కలిపి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఉదాహరణకు ఒక ఇంట్లో కొత్త సిలిండర్ మూత తీసి చూస్తే బుడగ రాలేదనుకుందాం. రెగ్యులేటర్ పెట్టి ఆన్ చేయగానే దాని కింది అంచు చుట్టూ సన్నని బుడగల వరస లేచింది. ఆఫ్ చేస్తే ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ మొదలైంది. ఇక్కడ పిన్ను బాగానే ఉంది. లోపం ఎక్కువగా వాల్వు లోపలి ఓ-రింగ్‌ది. చాలా ఇళ్లలో దాన్ని వాషర్ అంటారు. అది అరిగినా, చీలినా, జారిపోయినా రెగ్యులేటర్ ముక్కు చుట్టూ సందు మిగులుతుంది. పిన్ను తెరుచుకున్నప్పుడే ఆ సందులోంచి గ్యాస్ వస్తుంది. రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తీసి, మూత పెట్టి డీలర్‌కు చెబితే మెకానిక్ రింగు మారుస్తాడు. తర్వాతి సిలిండర్‌కు కూడా అదే చోట బుడగలు వస్తే అనుమానించవలసింది రెగ్యులేటర్‌నే.

రెగ్యులేటర్, ట్యూబు

సిలిండర్ లోపలి పీడనం ఎండాకాలంలో ఒకలా, చలికాలంలో ఒకలా ఉంటుంది. మామూలు రోజుల్లో అది బయటి గాలి పీడనానికి ఐదారు రెట్లు. స్టవ్వుకు కావలసిన అదనపు పీడనం గాలి పీడనంలో మూడు శాతమే. ఈ తేడాను తగ్గించే పని రెగ్యులేటర్‌ది. దాని లోపల పలుచని రబ్బరు పొర, ఒక స్ప్రింగు కలిసి గ్యాస్ దారిని తెరుస్తూ మూస్తూ ఉంటాయి. ఆ పొర కదలడానికి వీలుగా రెగ్యులేటర్ పైభాగంలో చిన్న గాలి రంధ్రం ఉంటుంది. అది జిడ్డుతో మూసుకుపోకూడదు, అందులోకి నీరు పోకూడదు. అందుకే రెగ్యులేటర్‌ను కడగకుండా పొడి గుడ్డతో తుడవాలి. ఆ రంధ్రం దగ్గర గ్యాస్ వాసన వచ్చినా, నాబు కదపకుండానే మంట పెరుగుతూ తగ్గుతూ ఉన్నా లోపలి పొర చెడి ఉండవచ్చు. విప్పి బాగుచేయడానికి ప్రయత్నించకుండా డీలర్ దగ్గర మార్చుకోవాలి.

పెట్టేటప్పుడు కింది నల్ల పట్టును పైకి ఎత్తి, రెగ్యులేటర్‌ను వాల్వు మీద నిటారుగా కూర్చోబెట్టి, కాస్త తిప్పుతూ నొక్కి పట్టును వదలాలి. పైకి లాగి చూస్తే ఊడి రాకూడదు. తీసేటప్పుడు ముందుగా స్విచ్చు ఆఫ్ చేయాలి. ఒరిగి కూర్చున్న రెగ్యులేటర్‌ను బలంగా నొక్కితే ఓ-రింగ్ దెబ్బతింటుంది.

ట్యూబు ఐఎస్‌ఐ గుర్తు ఉన్నది, లోపల ఉక్కు తీగల అల్లిక ఉన్న నారింజ రంగు సురక్ష ట్యూబు అయితే మంచిది. దాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. మడత పెట్టినప్పుడు సన్నని పగుళ్లు కనిపిస్తే అంతకుముందే మార్చాలి. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ద్రవం బయటికి రావచ్చు. ద్రవం ఆవిరైతే సుమారు 250 రెట్లు వ్యాపిస్తుంది.

లీకు కనిపిస్తే

స్టవ్వు నాబులు, రెగ్యులేటర్ ఆఫ్ చేసి, రెగ్యులేటర్ తీసి వాల్వుకు మూత పెట్టాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. లైటు గానీ ఫ్యాను గానీ వేయకూడదు, ఉన్నవాటిని ఆపకూడదు. స్విచ్చు కదిలినప్పుడు వచ్చే చిన్న రవ్వ కూడా గ్యాస్‌ను అంటించగలదు. బుడగలు ఆగకపోతే సిలిండర్‌ను ఆరుబయట, నిప్పుకు దూరంగా నిలువుగా ఉంచాలి. బయటికి వచ్చాకే ఫోన్ తీసి 1906కు చెప్పాలి. అది గ్యాస్ లీకుల కోసం దేశమంతటా పనిచేసే అత్యవసర నంబరు.

ఖాళీ సిలిండర్‌కు కూడా మూత పెట్టాలి. స్టవ్వు వెలగడం ఆగిపోయినా లోపల కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది.